రెండో లైనర్ కదలలేదు

ఆయిల్ పుల్ల బయటికి తీసి చూస్తే నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. రేడియేటర్‌లో నీళ్లు వారానికి రెండు లీటర్లు తగ్గుతున్నాయి, కింద ఎక్కడా కారుతున్న జాడ లేదు. ట్రాక్టర్ యజమాని ఇదంతా చెప్పి, "ఇంజన్ బోరుకొచ్చిందేమో చూడు బాబాయ్" అన్నాడు. మేస్త్రి ఆ ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రుద్ది చూశాడు. "బోరు సంగతి తర్వాత. ముందు నీళ్లు చాంబర్‌లోకి దిగుతున్నాయి" అన్నాడు.

నరసరావుపేట వైపు రోడ్డు పక్కన రేకుల షెడ్డు. అందులో ఉన్నది హెచ్‌ఎంటీ వారి పాత జెటార్ 2511. చెకోస్లోవేకియా సంస్థ మోటోకోవ్ సాంకేతిక సహకారంతో హెచ్‌ఎంటీ 1971లో హర్యానాలోని పింజోర్‌లో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది. తొలి రోజుల్లో వచ్చిన పాతిక హార్స్‌పవర్ బండి ఇదే. రెండు సిలిండర్లు, 95 మిల్లీమీటర్ల బోరు, 110 మిల్లీమీటర్ల స్ట్రోకు. ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయడానికి కేంద్రం 2016లో ఆమోదం తెలిపింది కానీ, పల్లెల్లో ఈ బండ్లు ఇంకా కల్లాల్లో తిరుగుతున్నాయి. తిరగడానికి ఒక కారణం ఈ ఇంజన్‌లో సిలిండర్ అరిగితే దిమ్మను పారేయనక్కర్లేకపోవడం. అరిగే గొట్టం వేరు, దిమ్మ వేరు. గొట్టం తీసి కొత్తది దించితే చాలు.

ఆ గొట్టాన్నే లైనర్ అంటారు. ఇది రెండు రకాలు. కొన్ని ఇంజన్లలో పలుచని గొట్టాన్ని దిమ్మలోని రంధ్రంలోకి బిగుతుగా దించుతారు. దాని వీపు పొడవునా దిమ్మ ఇనుముకే ఆనుకుని ఉంటుంది, నీళ్లు దాన్ని తాకవు. అది డ్రై లైనర్. జెటార్‌లాంటి ఇంజన్లలో గొట్టం మందంగా ఉంటుంది. పైన ఒక అంచు దిమ్మ మీది మెట్టులో కూర్చుంటుంది, అడుగున రబ్బరు రింగులు నీటిని ఆపుతాయి, మధ్యలో మిగిలినదంతా నీళ్లలోనే నానుతూ ఉంటుంది. ఇది వెట్ లైనర్. బావిలో దించిన సిమెంటు ఒరలాంటిదే, కాకపోతే ఇక్కడ నీళ్లు ఒర బయట, నిప్పు లోపల.

ఇలా చూస్తే వెట్ లైనర్‌ను తీయడం సులువే అనిపిస్తుంది. బిగుతుగా పట్టుకునేది పైన ఒక వేలెడు, కింద ఒక వేలెడు మేరే. కొత్త ఇంజన్‌లో నిజంగానే సులువు. రబ్బరు రింగుల పట్టు ఒక్కసారి వదిలితే తర్వాత చేత్తో ఎత్తొచ్చు. కానీ ఈ బండి రేడియేటర్‌లో ఇరవై ఏళ్లుగా పోసింది బోరు నీళ్లు. పల్నాటి బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. వేడికి ఆ సున్నం లైనర్ వీపుకు పెంకులా పేరుకుంటుంది. దాని కింద తుప్పు పెరుగుతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెట్టింపుకు పైగా చోటు ఆక్రమిస్తుంది, కాబట్టి లైనర్‌కూ దిమ్మకూ మధ్య ఉండాల్సిన వెంట్రుకవాసి సందులో అది చీలలా బిగుసుకుంటుంది. రబ్బరు రింగులు గట్టిపడి పెంకుల్లా అంటుకుపోతాయి. అప్పుడు జానెడు పొడవున్న ఆ గొట్టాన్ని లేపడానికి టన్నుల బలం కావాలి. ఆ బలాన్ని ఎక్కడ ఆనించాలన్నదే ఈ పనిలో అసలు విషయం.

చాలా షెడ్లలో చేసే పని ఒకటుంది. ఇంజన్‌ను పక్కకు వాల్చి, కింద నుంచి లైనర్ అంచుకు కర్ర దుంగ పెట్టి సుత్తితో కొడతారు. ఒక్కోసారి వస్తుంది కూడా. కానీ దెబ్బ ఒక పక్కనే పడుతుంది. గొట్టం ఒక పక్క వెంట్రుకంత లేచి వాలుతుంది. వాలిన గొట్టం కుండ మూతిలో అడ్డం పడిన మూతలా రెండు చోట్ల కరుచుకుంటుంది. ఆ పైన ఎంత కొడితే అంత బిగుస్తుంది. లైనర్ పోత ఇనుము. అది నొక్కుడును ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగుడును, వంపును ఓర్వదు. కొట్టిన చోట అంచు పెళ్ళలుగా రాలుతుంది. లైనర్ పోతే పోయింది, ఎలాగూ మార్చేదే. దాని అడుగు భాగం కూర్చునే దిమ్మ అంచుకు ఆ దెబ్బ తగిలి పగులు వస్తే మాత్రం తర్వాత ఎన్ని కొత్త రింగులు వేసినా నీళ్లు ఆగవు.

అందుకే పుల్లర్ ప్లేట్. చూడటానికి ఇంత సాదా పనిముట్టు ఇంకోటి ఉండదు. అడుగున ఒక మందపాటి ఇనుప బిళ్ళ. దాని నడుమ నుంచి పైకి మరలున్న ఒక కడ్డీ. పైన దిమ్మకు అడ్డంగా వంతెనలా నిలబడే ఒక కమ్మీ. కడ్డీ ఆ కమ్మీలోంచి బయటికి వస్తుంది, పైన నట్టు. నట్టు బిగిస్తుంటే కడ్డీ పైకి వస్తుంది, బిళ్ళ లైనర్ అడుగు అంచును పట్టుకుని దాన్నీ పైకి తెస్తుంది. దూలానికి గిలక కట్టి చేద లాగినట్టే. ఇక్కడ బరువంతా వంతెన కాళ్ల మీదుగా దిమ్మ మీదే పడుతుంది, లాగుడు మాత్రం సరిగ్గా గొట్టం నడిమి గీత వెంట సాగుతుంది. అందువల్ల గొట్టం వాలదు.

బిళ్ళ కొలతలోనే పనితనమంతా ఉంది. అది లైనర్ లోపలి బోరు కంటే పెద్దదిగా ఉండాలి, లేకపోతే అంచును పట్టుకోదు. లైనర్ బయటి వ్యాసం కంటే చిన్నదిగా ఉండాలి, లేకపోతే లైనర్‌తో పాటు దిమ్మను కూడా పట్టుకుంటుంది. లెక్క కోసం ఇలా అనుకుందాం. బోరు 95, అడుగున గొట్టం మందం 6 మిల్లీమీటర్లు. అంటే బయటి వ్యాసం 107. బిళ్ళ 105 ఉండాలి. ఒక్కో పక్కన 5 మిల్లీమీటర్ల మేర లైనర్ అంచు కింద ఉంటుంది, దిమ్మకు 1 మిల్లీమీటరు దూరంగా ఉంటుంది. ఆ 1 మిల్లీమీటరును కాపాడటానికి బిళ్ళ పైముఖాన ఒక మెట్టు తిప్పిస్తారు. 94 మిల్లీమీటర్ల ఆ మెట్టు బోరులోకి దూరి కూర్చుంటే బిళ్ళ పక్కకు జరగలేదు. లేతు షాపులో ఇది అరపూట పని.

మరి 105 బిళ్ళ 95 బోరులోంచి కిందికి ఎలా దిగుతుంది? క్రాంక్ షాఫ్ట్ కూడా విప్పేసి ఉంటే కింద నుంచే పెట్టొచ్చు. క్రాంక్ ఉండగా అయితే పై నుంచే దించాలి. గుండ్రటి బిళ్ళను ఎంత వాల్చినా దాని అడ్డు వెడల్పు 105గానే ఉంటుంది, కాబట్టి దిగదు. అందుకే దాని రెండు ఎదురు పక్కలను తిన్నగా కోసేస్తారు, వెడల్పు 90 వచ్చేలా. ఇప్పుడు బిళ్ళను నిలువుగా వాల్చి బోరులోంచి దించి, కిందికి వెళ్లాక అడ్డంగా తిప్పి సర్దవచ్చు. కోసిన చోట్ల పట్టు ఉండదు. అయినా చుట్టుకొలతలో సుమారు మూడింట రెండు వంతుల మేర లైనర్ అంచు బిళ్ళ మీదే ఆనుతుంది. అది చాలు, ఎందుకంటే ఆ రెండు పట్లూ ఎదురెదురుగా ఉన్నాయి.

ఆ రోజు నేను వెళ్లేసరికి నీళ్లు ఒంపేసి, హెడ్ దించి, చాంబర్ విప్పి, పిస్టన్లు కనెక్టింగ్ రాడ్లతో సహా పైకి తీసేసి ఉన్నారు. నీళ్లు ముందే ఒంపడంలో మేస్త్రికి పట్టింపు ఉంది. దిమ్మలో నీళ్లు ఉండగా లైనర్ లేస్తే అవి తుప్పుతో సహా క్రాంక్ మీదికి దూకుతాయి. ఒంపాక కూడా ఆయన క్రాంక్ జర్నల్స్‌కు ఆయిల్‌లో తడిపిన పాత పంచె గుడ్డ చుట్టాడు. లైనర్ తీస్తుంటే రాలే సున్నం పెంకుల్లో ఒక్కటి ఆయిల్ రంధ్రంలో పడినా కొత్త బేరింగు నెల తిరక్కుండానే గీరుకుపోతుందని చెప్పాడు. తర్వాత క్రాంక్‌ను చేత్తో తిప్పి, తీయబోయే లైనర్ కింద బిళ్ళకు చోటు ఉండేలా నిలిపాడు. లాగేటప్పుడు బిళ్ళ క్రాంక్‌కు తగలకూడదు, క్రాంక్ కదలనూ కూడదు.

వంతెన కాళ్లు ఎక్కడ పెట్టాలన్నది ఆయన రెండుసార్లు సర్దాడు. లాగే లైనర్ అంచు మీద కాలు పడితే పైకి లాగే బలమూ కిందికి నొక్కే బలమూ ఒకే గొట్టం మీద పడతాయి, అది జీవితంలో కదలదు. పక్క లైనర్ అంచు మీద పడితే అది నలుగుతుంది. స్టడ్ల మీద పడితే అవి వంగుతాయి. దిమ్మ పైముఖంలో కింద గోడ ఉన్న గట్టి చోటే కావాలి. పైముఖం గీరుకుపోకుండా కాళ్ల కింద రాగి రేకు ముక్కలు పెట్టాడు. ఆ ముఖం మీదే రేపు హెడ్ గాస్కెట్ కూర్చోవాలి.

మొదటి లైనర్‌కు పెద్ద కథ లేదు. నట్టు కింద మందపాటి వాషరు వేసి, మరలకు గ్రీజు రాసి, కడ్డీ తల తిరగకుండా ఒక పానాతో పట్టుకుని, ఇంకో పానాతో నట్టు తిప్పాడు. మూడు నాలుగు చుట్లు వదులుగా వెళ్లింది. తర్వాత బిగిసింది. ఆయన చెయ్యి బరువెక్కుతుండగా లోపల నుంచి "టక్" మని ఒక చప్పుడు. ఆ తర్వాత నట్టు మళ్లీ తేలికైంది. అంచు కింద గోరు పట్టేంత సందు చుట్టూ సమానంగా కనిపించింది. పావుగంటలో లైనర్ బల్ల మీద ఉంది.

ఈ పనిలో ఎంత బలం పనిచేస్తుందో చాలామంది ఊహించలేరు. 20 మిల్లీమీటర్ల మరకడ్డీ అనుకోండి. అరమీటరు పొడవున్న పానా చివర ఒక మనిషి 20 కిలోల బరువు మోపినంత లాగాడు. కడ్డీలో లాగుడు సుమారు రెండున్నర టన్నులకు చేరుతుంది. గ్రీజు బాగా ఉంటే మూడు దాటొచ్చు, మరలు తుప్పు పట్టి ఉంటే అందులో చాలా భాగం రాపిడికే పోతుంది. చేతికి తెలిసేది 20 కిలోలే. అందువల్లే పైపు తొడిగి పానాను పొడవు చేసుకోవద్దంటారు. పానా రెట్టింపైతే బలం ఐదు టన్నులవుతుంది, చేతికి మాత్రం తేడా ఏమీ తెలియదు. కడ్డీ పుటుక్కున తెగితే ముక్క నేరుగా పైకి లేస్తుంది. మేస్త్రి నట్టు మీదికి ఎప్పుడూ వంగలేదు, పక్క నుంచే తిప్పాడు.

రెండో లైనర్ దగ్గర నట్టు బిగిసింది, ఇంకా బిగిసింది, చప్పుడు రాలేదు. కుర్రవాడు పైపు అందుకోబోయాడు. మేస్త్రి "ఆగరా" అని పానా కింద పెట్టేశాడు. ఆయన చేసిన పనుల్లో నాకు బాగా గుర్తుండిపోయినది ఇదే. నట్టు తిప్పినప్పుడు చేతికి స్ప్రింగులాంటి మెత్తదనం తగిలిందట. లైనర్ బిగుసుకున్నప్పుడు పట్టు రాయిలా ఉండాలి, కొంచెం కొంచెంగా సాగుతున్నట్టు ఉంటే ఎక్కడో ఏదో వంగుతోందని అర్థం. కడ్డీ సాగొచ్చు, వంతెన వంగొచ్చు. అవి రెండూ మొదటి లైనర్‌కు ఆ బలంలో వంగలేదు. మిగిలింది దిమ్మే.

నట్టు పూర్తిగా వదులు చేసి, టార్చిలైటు తీసుకుని ఆయన ట్రాక్టర్ కింద పడుకున్నాడు. నన్ను కూడా రమ్మన్నాడు. కింద నుంచి చూస్తే లైనర్ అడుగు అంచు, దాని చుట్టూ దిమ్మ అంచు ఒకే ఉంగరంలా కనిపిస్తున్నాయి. రెంటి మధ్య ఉండాల్సిన గీత ఒక పక్కన తుప్పూ మడ్డీ కలిసి పూడుకుపోయింది. ఆయన హాక్సా బ్లేడు ముక్కతో అక్కడ గీరాడు. నల్లటి పొర ఊడి గీత బయటపడింది. ఆ పక్కన బిళ్ళ అంచు గీత దాటి దిమ్మ కిందికి వెళ్లి ఉంది, బియ్యపు గింజ మందమంత. బోరు లోపల ఒక పక్క పేరుకున్న మడ్డి వల్ల బిళ్ళ మెట్టు పూర్తిగా లోపలికి దూరలేదు. మెట్టు కూర్చోలేదు కాబట్టి బిళ్ళ పక్కకు జరిగింది. ఇంకో అర చుట్టు తిప్పి ఉంటే లైనర్ కాదు, దిమ్మ అడుగు అంచు ఊడి చేతికి వచ్చేది.

"పై నుంచి చూస్తే ఇదేమీ తెలియదండీ. నట్టు బిగించే ముందు వేలు పెట్టి చుట్టూ తడమాలి. మొదటిదానికి తడిమాను, రెండోదానికి తడమలా" అన్నాడు. ఆ మాటను కుర్రవాడి వైపు తిరిగి మళ్లీ చెప్పాడు, వాడు నేర్చుకోవాలని.

బోరు అడుగు శుభ్రంగా గీరి, బిళ్ళను మళ్లీ సర్ది, ఈసారి చుట్టూ వేలితో తడిమి, గీత ప్రతిచోటా బయటికి తగులుతోందని చూసుకుని బిగించాడు. ఇప్పుడు చేతికి రాయిలా తగిలింది. అయినా కదల్లేదు. పైన అంచు చుట్టూ డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోశాడు. కింద నుంచి తుప్పు వదిలించే ఆయిల్‌ను గీత వెంట పిచికారీ చేశాడు. పై నుంచి పోసింది అడుగు పట్టు దాకా దిగదు, నడుమ ఖాళీ గదే కదా, అందులో పడిపోతుంది. రెండు పట్లకూ విడివిడిగా పెట్టాలి. తర్వాత నట్టును ఇందాకటి బిగువుకే తెచ్చి, కడ్డీ తల మీద చిన్న సుత్తితో నాలుగు మెత్తటి దెబ్బలు వేసి, "ఇంక రేపు" అన్నాడు.

రాత్రంతా ఆ లాగుడు అలాగే ఉంటుంది. ఆయిల్ తుప్పులోకి పాకుతుంటుంది. తెల్లారి నట్టును పావు చుట్టు తిప్పగానే ఆ చప్పుడు వచ్చింది, నిన్నటి కంటే గట్టిగా. అలా కూడా రాకపోతే చివరి మార్గం ఒకటుంది. లైనర్ లోపల నిలువునా వెల్డింగు గీతలు వేయడం. కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకుంటుంది, దాంతో గొట్టం వెంట్రుకంత కుంచించుకుని పట్టు వదులుతుంది. ఆ లైనర్ ఇక చెత్తే. పిడుగురాళ్ల వైపు ఒక షెడ్డులో వెల్డింగు చేస్తే నిప్పురవ్వలు క్రాంక్ మీద పడి జర్నల్ పాడైన సంగతి నాకు తెలుసు, అందుకే ఆ ఉపాయం క్రాంక్ విప్పిన ఇంజన్‌కే నప్పుతుంది.

బయటికి వచ్చిన లైనర్లను కడగకుండా వీపు చూడాలి. రోగం అక్కడే రాసి ఉంటుంది. రెండో లైనర్ వీపు మీద ఒక పక్కన మాత్రమే, నిలువు పట్టీలా, చెదలు తిన్న చెక్కలాగా గుంటలు ఉన్నాయి. చుట్టూ ఉంటే అది తుప్పు. ఒక్క పక్కనే ఉందంటే కారణం వేరు. మండిన వాయువు పిస్టన్‌ను కిందికి తోసేటప్పుడు, రాడ్ వాలుగా ఉండటం వల్ల పిస్టన్ గోడకు ఒక పక్కన గట్టిగా తగులుతుంది. ఆ దెబ్బకు గొట్టం గంటలా కంపిస్తుంది. గోడ నీటి నుంచి వెనక్కి జరిగిన క్షణంలో అక్కడ ఆవిరి బుడగలు పుడతాయి, గోడ మళ్లీ ముందుకు వచ్చినప్పుడు అవి పగిలి ఇనుమును సూదిమొనతో పొడిచినట్టు పొడుస్తాయి. ఏళ్ల తరబడి అదే చోట. వీటిలో ఒక గుంటలో మేస్త్రి సన్నటి తీగ పెట్టి తోస్తే అది లోపలి వైపుకు వచ్చింది. చాంబర్‌లోకి నీళ్లు దిగిన దారి అదే. రింగులూ గట్టిపడ్డాయి కానీ, అవి మార్చి ఊరుకుని ఉంటే నెలలోనే బండి మళ్లీ షెడ్డుకు వచ్చేది. రేడియేటర్‌లో ఉత్త బోరు నీళ్లు కాకుండా కూలెంటు పోస్తే, అందులోని మందు ఇనుము మీద ఒక పలుచని పొర కట్టి ఈ పోటును చాలావరకు ఆపుతుంది.

కొత్త లైనర్ దించడం తేలికైన పని, తీసిన చోటు శుభ్రంగా ఉంటేనే. పై మెట్టు మీద సున్నపు రవ్వ ఒక్కటి మిగిలినా లైనర్ ఒక పక్క ఎత్తుగా కూర్చుంటుంది. మేస్త్రి ముందు రబ్బరు రింగులు లేకుండా లైనర్ దించి చూశాడు. చేత్తోనే దిగాలి, చేత్తోనే తిరగాలి. తర్వాత దాని అంచు దిమ్మ పైముఖం కంటే ఎంత ఎత్తుగా ఉందో తిన్నటి బద్ద, ఫీలర్ గేజితో నాలుగు చోట్ల కొలిచాడు. ఇంజన్‌ను బట్టి మారే కొలత ఇది, మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క. సాధారణంగా ఐదు నుంచి పదిహేను నూరో వంతుల మధ్య ఉంటుంది. ఆ కాస్త ఎత్తు వల్లే హెడ్ బిగించినప్పుడు లైనర్ కదలకుండా ఉంటుంది. నాలుగు చోట్లా ఒకే కొలత రావడం ఆ ఎత్తు కంటే ముఖ్యం అన్నాడు.

కొత్త రింగులకు సబ్బునీళ్లు రాసి, మెలిక పడకుండా వేలితో చుట్టూ సర్ది, లైనర్లు రెండూ అరచేతుల బలంతో దించాడు. హెడ్ ఎక్కించి బిగించాక చాంబర్ మాత్రం మూయలేదు. రేడియేటర్ నింపి, ట్రాక్టర్ కింద పాత దినపత్రిక పరిచి ఇంటికి వెళ్లిపోయాడు. పొద్దున వచ్చి ఆయన మొదట చూసింది ఆ కాగితాన్నే. దాని మీద రెండు ఆయిల్ చుక్కలు ఉన్నాయి, నీటి మచ్చ లేదు. అప్పుడు చాంబర్ గాస్కెట్ అందుకున్నాడు.